తలస్నానం రోజు 260 వెంట్రుకలు ఊడితే భయపడాలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్లో ఉంటాను. ఆగస్టు చివర్లో డెంగీ వచ్చింది. నవంబరు మొదటి నుంచి జుట్టు విపరీతంగా ఊడుతోంది. అప్పటి నుంచి దువ్వెనలో, నేల మీద, బాత్రూమ్‌లో కనిపించిన ప్రతి వెంట్రుకా ఏరి, లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాస్తున్నాను. నవంబరులో బుధవారం, ఆదివారం తలస్నానం చేసేదాన్ని. ఆ రోజుల్లో 230, 250 వచ్చేవి. మిగతా ఐదు రోజులూ కలిపి 420. తలస్నానం తగ్గిస్తే ఊడటం తగ్గుతుందని అమ్మ చెప్పడంతో ఇప్పుడు ఆదివారం ఒక్కరోజే చేస్తున్నాను. అయినా మొన్న ఆదివారం 260 ఊడాయి! మిగతా రోజుల్లో 40 చొప్పున వస్తున్నాయి. రోజుకు 100 దాటకూడదంటారు కదా. పైగా వెంట్రుక చివర తెల్లటి వేరు కూడా వచ్చేస్తోంది. హాస్టల్ బోరు నీళ్ల వల్లనా? రూమ్మేట్ చెబితే బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నాను. ఫిబ్రవరి చివర్లో పెళ్లిచూపులు. అందుకని డిసెంబరు నుంచి రాత్రి భోజనం మానేసి 5 కిలోలు తగ్గాను. ఇంట్లోనే చేసుకునే వాష్ టెస్ట్ ఒకటి ఉందట. ఎలా చేయాలి? డాక్టర్ దగ్గరికి వెళ్లాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు మీ నోట్‌బుక్ తీయండి. మీరు ప్రతి పేజీలోనూ తలస్నానం రోజు అంకెనే చూస్తున్నారు. ఒక్కసారి వారం మొత్తం కూడి చూడండి. నవంబరు వారంలో 230, 250, 420 కలిపితే 900. ఏడుతో భాగిస్తే రోజుకు సుమారు 129. ఇప్పటి వారంలో 260కి ఆరు రోజుల 240 కలిపితే 500. అంటే రోజుకు 71. రెండున్నర నెలల్లో మీ జుట్టు ఊడటం దాదాపు సగానికి తగ్గింది. ఆదివారం అంకె మాత్రం 250 నుంచి 260కి పెరిగింది కాబట్టి పరిస్థితి ముదిరిందని మీకనిపించింది.

ఆ అంకె ఎందుకు పెరిగిందో చూద్దాం. వెంట్రుక తలలోంచి విడిపోయిన క్షణంలోనే కింద పడదు. పొడవు జుట్టులో, అందులోనూ జడ వేసుకునేవాళ్లలో, విడిపోయిన వెంట్రుకలు మిగతా వాటితో చిక్కుకుని రోజుల తరబడి అక్కడే ఉంటాయి. నీళ్లు పోసి, వేళ్లతో రుద్దినప్పుడు ఒక్కసారిగా బయటికి వస్తాయి. బుధవారం తలస్నానం ఉన్నప్పుడు ఆదివారానికి నాలుగు రోజుల వెంట్రుకలే పోగయ్యేవి. ఇప్పుడు ఏడు రోజులవి పోగవుతున్నాయి. అమ్మగారి సలహా వల్ల ఊడటం తగ్గలేదు, పెరగలేదు. అన్నీ ఒకే రోజుకు చేరాయి, అంతే. తలస్నానంలో ఊడే వెంట్రుక ఆ రోజు చేయకపోయినా రెండు రోజుల తర్వాతైనా ఊడేదే. కాబట్టి వాష్ టెస్ట్ అయ్యాక మళ్లీ వారానికి రెండుసార్లు చేసుకోండి. మాడు శుభ్రంగా ఉంటుంది, ఆదివారం భయమూ తగ్గుతుంది.

ఇక ఆ 100 సంగతి. దాన్ని పాస్ మార్కులా చూసే ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. వాటిలో 85 నుంచి 90 శాతం పెరిగే దశలో ఉంటాయి, ఆ దశ రెండు నుంచి ఆరేళ్లు నడుస్తుంది. దాదాపు 10 శాతం, అంటే 10,000 వెంట్రుకలు, విశ్రాంతి దశలో ఉంటాయి. ఆ దశ మూడు నెలలు, ఇంచుమించు 100 రోజులు. ఆ 10,000 వెంట్రుకలు 100 రోజుల్లో రాలాలి కాబట్టి రోజుకు 100. చాలావరకు కాగితం మీద చేసిన ఈ లెక్కే అందరి నోళ్లలో నలిగి హద్దుగా మారింది. చాలామందికి నిజంగా ఊడేవి అంతకంటే తక్కువే. ఎప్పుడూ 30 ఊడే మనిషికి నెలల తరబడి 90 ఊడుతుంటే, 100 దాటకపోయినా ఆమెకది ఎక్కువే. ఒత్తుగా, నడుము దాకా జుట్టున్న ఇంకొకరికి 110 ఊడినా ఏ ఇబ్బందీ లేకపోవచ్చు.

వంశపారంపర్యంగా జుట్టు పలచబడేవాళ్లలో ఈ అంకె మరీ మోసం చేస్తుంది. వాళ్లలో వెంట్రుకలు ఒక్కో చుట్టుకీ సన్నబడి, పొట్టిబడతాయి. రోజుకు 40 మాత్రమే ఊడుతున్నా పాపిట వెడల్పవుతూనే ఉంటుంది. అందుకే ఎన్ని ఊడాయన్నదొక్కటే చాలదు, ఎలాంటివి ఊడాయో కూడా చూడాలి. మీరు అడిగిన వాష్ టెస్ట్ అక్కడే పనికొస్తుంది.

దానికంటే ముందు ఆ తెల్లటి వేరు భయం తీర్చాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది టిష్యూ కాగితంలో వెంట్రుకలు చుట్టుకొచ్చి మొదట చూపించేది దాన్నే. అది వేరు కాదు. వెంట్రుక పుట్టే కుదురు చర్మం లోపలే ఉంటుంది, అది ఊడిరాదు. విశ్రాంతి దశ పూర్తయ్యేసరికి వెంట్రుక అడుగు భాగం రంగు కోల్పోయి చిన్న గుండులా గట్టిపడుతుంది. మామిడి పండి తొడిమ దగ్గర విడిచినట్టు, వెంట్రుక అక్కడ వదులవుతుంది. ఆ తెల్ల చుక్క ఉందంటే వెంట్రుక తన కాలం ముగించుకుని సహజంగా రాలిందని అర్థం. అదే కుదురు నుంచి కొత్తది వస్తుంది.

బోరు నీళ్ల అనుమానానికి కూడా ఆ చుక్కే జవాబిస్తుంది. ఉప్పు నీళ్ల వల్ల జుట్టు గరుకుగా తయారవుతుంది, చిక్కు పడుతుంది, దువ్వితే మధ్యలో తెగుతుంది. అలా తెగిన ముక్కకు ఏ చివరా తెల్ల చుక్క ఉండదు. నీళ్ల వల్ల వెంట్రుక కుదురు దగ్గర ఊడదు. మీకు ఊడుతున్న వాటికి చుక్క కనిపిస్తోందంటున్నారు కాబట్టి హాస్టల్ మారనక్కర్లేదు, ఖరీదైన ఫిల్టరు కొననక్కర్లేదు. చుక్క లేని ముక్కలు ఎక్కువగా ఉన్నట్టు తేలితే అప్పుడు నీళ్ల గురించి, స్ట్రెయిటనింగ్ గురించి, తడి జుట్టును లాగి దువ్వే అలవాటు గురించి ఆలోచించండి.

ఇప్పుడు పరీక్ష. ఇటలీలోని జెనోవాలో చర్మవైద్యులు వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. 2005లో వైద్య పత్రికలో వచ్చింది. పొడవాటి వెంట్రుకలు నెలల తరబడి ఎక్కువగా రాలడాన్నీ, వంశపారంపర్యంగా పలచబడటాన్నీ వేరు చేయడానికి, సూదీ కత్తెరా లేకుండా చేసే పరీక్ష. హాస్టల్లో వాష్‌బేసిన్ ఖాళీగా దొరక్కపోతే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు చాలు. లేత రంగుదైతే మంచిది.

ఒక సోమవారం ఉదయం మామూలుగా తలస్నానం చేయండి. ఆ తర్వాత ఐదు రోజులు తల తడపకండి. శనివారం ఉదయం పరీక్ష. ఈ మధ్యలో నూనె పెట్టకపోతే మంచిది. జిడ్డుంటే రెండుసార్లు షాంపూ చేయాల్సి వస్తుంది, పొట్టి వెంట్రుకలు గుడ్డకు అతుక్కుని కనిపించకుండా పోతాయి. రోజూ ఎలా దువ్వుకుంటారో అలాగే దువ్వుకోండి. ఊడతాయేమోనని దువ్వడం మానేస్తే అవన్నీ శనివారానికి పోగుపడి మళ్లీ మీ ఆదివారం కథే అవుతుంది. ఈలోగా జుట్టు చివర్లు కత్తిరించుకోకండి. కత్తిరించిన తుంపులు లోపల చిక్కుకుని ఉంటే వాటిని పొట్టి వెంట్రుకలని పొరబడతాం.

శనివారం చిక్కు తీసుకుని, టబ్బు మీదికి తల వంచి, మగ్గుతో నీళ్లు పోసుకుని షాంపూ చేయండి. ఆ రోజుకు కుంకుడుకాయలు, శీకాయ పొడి వద్దు. పిప్పిలో సన్నటి వెంట్రుకలు దొరకవు. మీరు మామూలుగా ఎంత గట్టిగా రుద్దుకుంటారో అంతే రుద్దండి. పరీక్ష కదా అని ఎక్కువగా లాగొద్దు, భయపడి పైపైన తడిపి వదలొద్దు. నురగ పూర్తిగా పోయేదాకా ఆ టబ్బులోకే కడగండి. నిండిపోతే ఇంకో బకెట్‌లోకి వంపుకోండి, కాలువలోకి మాత్రం పోనివ్వకండి. వేళ్లకు చుట్టుకున్న వెంట్రుకలు కూడా టబ్బులోనే వేయండి. తర్వాత టవల్‌కు అంటినవి, ఆరాక దువ్వెనలో వచ్చినవి ఈ లెక్కలో కలపకూడదు.

ఇప్పుడు ఆ నీళ్లన్నీ పల్చటి తెల్ల నూలు గుడ్డలోంచి వడకట్టండి. మందుల షాపులో దొరికే గాజు గుడ్డను రెండు మడతలు వేసినా సరే. మగ్గు, టబ్బు గోడలు కూడా కడిగి ఆ నీళ్లూ వడకట్టండి. పొట్టి వెంట్రుకలు ఎక్కువగా పోయేది అక్కడే. గుడ్డను నీడలో ఆరబెట్టండి, ఫ్యాన్ కింద మాత్రం వద్దు. ఆరాక తెల్ల కాగితం మీద, మంచి వెలుతురులో విప్పి, స్కూలు పిల్లల స్కేలు పక్కన పెట్టుకుని మూడు కుప్పలు చేయండి. 5 సెంటీమీటర్లు, అంతకంటే పొడవున్నవి ఒక కుప్ప. 3 సెంటీమీటర్లు, అంతకంటే పొట్టివి ఒకటి. మధ్యవి ఇంకొకటి. వంకర తిరిగిన వెంట్రుకను వేలితో చాపి కొలవండి. పదేసి చొప్పున పేర్చుకుంటే లెక్క తప్పదు.

పొట్టి కుప్ప దగ్గర కాస్త ఓపిక కావాలి. ఒక్కో వెంట్రుకనూ చూసి, ఒక చివర తెల్ల చుక్క ఉంటేనే ఉంచండి. రెండు చివర్లూ మొద్దుగా ఉన్నవి తెగిన ముక్కలు. వాటిని పక్కన పడేసి మొత్తంలోంచి కూడా తీసేయండి. నిజమైన పొట్టి వెంట్రుక సన్నగా, కొన వైపు సూదిలా ఉంటుంది. కంటికి సరిగ్గా ఆనకపోతే ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఈ ఏరివేత సరిగా చేయకపోతే ముక్కలన్నీ పొట్టి వెంట్రుకల లెక్కలో చేరి, లేని జబ్బు ఉందన్నట్టు తేలుతుంది. ఇంట్లో ఈ పరీక్ష తప్పేది చాలాసార్లు ఇక్కడే.

చివరికి మీ దగ్గర రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం. రెండోది అందులో పొట్టివాటి శాతం. ఉదాహరణకు మొత్తం 160 వచ్చి అందులో పొట్టివి 8 ఉంటే, అవి 5 శాతం. మొత్తం 100 దాటింది, పొట్టివి 10 శాతం లోపే. పొడవాటి, ఆరోగ్యమైన వెంట్రుకలే ఎక్కువగా రాలుతున్నాయన్నమాట. దీన్నే టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. జ్వరాలు, కాన్పు, ఆపరేషన్, రక్తహీనత, థైరాయిడ్ లాంటివాటి తర్వాత వచ్చేది ఇదే. అదే మొత్తం 60 మాత్రమే వచ్చి అందులో పొట్టివి 12 ఉంటే, అవి 20 శాతం. అంకె చిన్నదని సంతోషించకూడదు, వంశపారంపర్యంగా పలచబడటం మొదలైందని అనుమానించాలి. మొత్తం 100 దాటి, పొట్టివి కూడా 10 శాతం మించితే రెండూ కలిసి ఉన్నట్టు. రెండూ తక్కువగా ఉంటే ఊడటం సర్దుకుందనుకోవచ్చు.

మీకు ఏది వస్తుందని నన్నడిగితే, మొదటిది రావచ్చనుకుంటున్నాను. రోజుకు సగటున 71 అంటే బాగా తగ్గినట్టే, కానీ పూర్తిగా సర్దుకున్నట్టు కాదు. ఐదు రోజుల తర్వాత చేసే స్నానంలో మీకు 100 దాటే అవకాశం ఉంది. దాటితే గాభరా పడకండి. ఇప్పటి సంఖ్య కంటే పొట్టివాటి శాతం మీకు ఎక్కువ ముఖ్యం.

ఎందుకలా అనుకుంటున్నానంటే మీ తేదీలు చూసి. గట్టి జ్వరం వచ్చినప్పుడు పెరిగే దశలో ఉన్న చాలా వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అవి రాలేది రెండు, మూడు నెలల తర్వాత. ఆగస్టు చివర్లో డెంగీ, నవంబరు మొదట్లో ఊడటం. లెక్క అతికినట్టు సరిపోయింది. జుట్టు ఊడుతున్నప్పుడు అందరూ ఆ వారంలో ఏం మారిందో వెతుకుతారు, నీళ్లనో షాంపూనో తప్పుపడతారు. వెతకాల్సింది రెండు, మూడు నెలల వెనక. ఇలాంటి ఊడటం సాధారణంగా మొదలైన మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గిపోతుంది. మీకు ఏప్రిల్ చివరి దాకా గడువుంది.

అయితే మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది 260 కాదు, ఆ 5 కిలోలు. డెంగీ నుంచి కోలుకుంటున్న శరీరానికి రాత్రి భోజనం ఆపేసి నెలన్నరలో అంత బరువు తగ్గించడం ఇంకో దెబ్బ. డిసెంబరు నుంచి రెండు, మూడు నెలలు లెక్కేసుకోండి. సరిగ్గా పెళ్లిచూపుల సమయానికి రెండో విడత ఊడటం మొదలుకావచ్చు. ఖాయంగా వస్తుందనడం లేదు, కానీ ఆహారం ఒక్కసారిగా తగ్గించినవాళ్లలో ఇది తరచూ చూసేదే. రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టండి. అన్నం తగ్గించినా సరే, పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు, మీరు తినేదేదైనా పూటపూటా ఉండాలి. తగ్గిన బరువు తగ్గినట్టే ఉంచుకోవాలనుకుంటే ఉంచుకోండి. ఇంకా తగ్గడం మాత్రం ఈ ఆరు నెలలూ ఆపండి.

బయోటిన్ విషయానికొస్తే, మామూలుగా తినే మనిషికి బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనప్పుడు ఆ మాత్రల వల్ల జుట్టు ఊడటం ఆగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. దానికంటే ముఖ్యం, ఎక్కువ మోతాదు బయోటిన్ వేసుకుంటూ రక్తపరీక్ష చేయించుకుంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ ఫలితాలు తప్పుగా వస్తాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే ల్యాబ్ పరీక్షలతో వచ్చే ఈ చిక్కు గురించి హెచ్చరించింది. లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు చూపించి, మిమ్మల్ని ఇంకో భయంలోకి నెట్టే ప్రమాదం ఉంది. పరీక్షకు కనీసం రెండు, మూడు రోజుల ముందు ఆపండి, ఎంత మోతాదు వేసుకున్నారో డాక్టరుకు చెప్పండి. ఇంకా ఎక్కువ రోజుల ముందు ఆపాలా అన్నది ఆయన మోతాదు చూసి చెబుతారు.

ఇక మీ ముందు మూడు దారులున్నాయి.

ఇప్పుడు చేస్తున్నట్టే రోజూ లెక్కపెట్టడం ఒకటి. దాని వల్ల మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు. హాస్టల్ గదిలో నేల మీద దొరికినవి మీవో రూమ్మేట్‌వో చెప్పలేం, ఆఫీసులో రాలినవి లెక్కకే రావు. పైగా ఆ నోట్‌బుక్ మీ నిద్రను తింటోంది. లెక్క పూర్తిగా మానలేననిపిస్తే వారానికి ఒక్క మొత్తమే రాయండి, రోజువారీ అంకెలు వద్దు.

రెండో దారి వాష్ టెస్ట్. ఈ వారంలో ఒకటి, ఆరు వారాల తర్వాత ఇంకొకటి. అదే ఐదు రోజుల గడువు, అదే షాంపూ, అదే టబ్బు. మధ్యలో లెక్కలేవీ లేవు. రెండోసారి మొత్తం తగ్గి, పొట్టివి 10 శాతం లోపే ఉంటే మీరు మందు వేసుకోకుండానే బయటపడుతున్నట్టు. ఈ దారిలో నష్టమేమిటంటే, రక్తహీనత లాంటి కారణం లోపల ఉంటే ఆరు వారాలు ఆలస్యమవుతుంది.

మూడోది ఇప్పుడే డాక్టరును కలవడం. డెంగీ, తిండి తగ్గడం రెండూ ఉన్నాయి కాబట్టి నేనైతే రక్తపరీక్షల వరకైనా ఇప్పుడే చేయించమంటాను. హిమోగ్లోబిన్‌తో సహా రక్తకణాల పరీక్ష, ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ చాలు మొదట. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది. హిమోగ్లోబిన్ బాగానే ఉండి నిల్వ అడుగంటినవాళ్లు, ముఖ్యంగా నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేవాళ్లు, మన ఆడపిల్లల్లో తక్కువేం కాదు. ఇక్కడా ఒక చిక్కుంది. కొన్నిచోట్ల పరీక్షలు చూడకముందే మినాక్సిడిల్ రాసి ఇస్తారు. అది వంశపారంపర్య సమస్యకు మంచి మందే, కానీ మొదలుపెట్టిన తొలి వారాల్లో చాలామందికి ఊడటం పెరుగుతుంది. పెళ్లిచూపులకు నెల ముందు, అవసరం ఉందో లేదో తేలకుండా మొదలుపెట్టడం మీకు మంచిది కాదు. ఎందుకు రాస్తున్నారో అడగండి. ఆ రోజు కోసమని కెరాటిన్, స్ట్రెయిటనింగ్ కూడా చేయించుకోకండి.

రెండో దారి, మూడో దారి కలిపి నడవచ్చు. పరీక్షలు ఇప్పుడు, వాష్ టెస్ట్ ఇంట్లో.

కొన్ని సందర్భాల్లో మాత్రం టబ్బు, స్కేలు పక్కన పెట్టి నేరుగా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. నాణెమంత మేర నున్నగా జుట్టు పోతే, అంటే మనం పేనుకొరుకుడు అనేది కనిపిస్తే. మాడు మంట, నొప్పి, పొలుసులు, చీము ఉంటే. నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు మందంగా వస్తుంటే. పాపిట ముందు నుంచి వెనక్కి వెడల్పవుతుంటే. ఏప్రిల్ చివరికి కూడా ఊడటం తగ్గకపోతే. వాష్ టెస్ట్‌లో పొట్టివి 10 శాతం మించినా వెళ్లండి. ఇంటి పరీక్ష అనుమానమే చెబుతుంది, తేల్చేది డాక్టరు మాడును భూతద్దం లాంటి పరికరంతో చూసినప్పుడే.

ఈ పరీక్ష అందరికీ పనికిరాదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకునే మగవాళ్లకు అన్నీ 3 సెంటీమీటర్ల లోపే ఉంటాయి కాబట్టి అర్థం ఉండదు. వాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. రోజూ షాంపూ చేస్తూ మూడు రోజులు గడిపాక, తలస్నానానికి ముందు లేత రంగు టవల్ మీదికి వంగి నిమిషం పాటు వెనక నుంచి ముందుకు దువ్వి లెక్కపెట్టడం. 2008లో బట్టతల లేని మగవాళ్ల మీద చేసిన అధ్యయనంలో ఇలా సగటున 10 వెంట్రుకలు వచ్చాయి. కొద్దిమందికి చాలా ఎక్కువ కూడా వచ్చాయి. మీలాంటి పొడవు జుట్టుకు ఆ అంకెను అన్వయించకండి.

పాపిట ఫొటో ఒకటి ఈ రోజే తీసి ఉంచండి. తల వంచి, కిటికీ వెలుతురులో, పాపిట తిన్నగా తీసి, రూమ్మేట్‌తో తీయించుకోండి. ఆరు వారాలకోసారి అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి. నుదుటి దగ్గర సన్నటి పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తే దువ్వి అణచకండి, అవి కొత్తగా మొలిచినవి. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతాయి కాబట్టి జడ మందం మళ్లీ తెలియడానికి ఏడాది పైనే పడుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నోట్‌బుక్ అంతా తీసుకెళ్లక్కర్లేదు. ఒక కాగితం మీద జ్వరం వచ్చిన తేదీ, ఊడటం మొదలైన తేదీ, బరువు తగ్గింది ఎప్పటి నుంచి, ఇంట్లో ఎవరికి జుట్టు పలచగా ఉంది, వేసుకుంటున్న మాత్రలు, వాష్ టెస్ట్‌లో మొత్తం, పొట్టివి ఎన్ని అని రాసుకెళ్లండి. ఆ వారం తలస్నానం ఎప్పుడు చేశారో కూడా రాయండి. డాక్టరు వేళ్లతో కొన్ని వెంట్రుకలు పట్టి మెల్లగా లాగి చూస్తారు. మీరు అదే రోజు తలంటుకుని వెళితే వదులైనవన్నీ ముందే పోయి ఉంటాయి, ఆయనకు ఏమీ కనిపించదు.